షీట్ నిండా ఫార్ములాలే కనిపిస్తుంటే: షో ఫార్ములాస్ మోడ్ గురించి అపోహలు - వాస్తవాలు

ఎక్సెల్ షీట్లలో తప్పులు వెతికి సరిచేయడం నా పని. ఈ పనిలో నాకు తరచూ వచ్చే కంగారు ఫోన్లలో ఒకటి ఇలా ఉంటుంది: "ఇప్పటిదాకా బాగానే ఉంది. ఉన్నట్టుండి అంకెలన్నీ పోయి, ప్రతి గడిలో ఫార్ములా కనిపిస్తోంది. తేదీలు కూడా పాడైపోయాయి." నిజానికి అప్పటికి ఏదీ పాడవదు. పాడయ్యేది ఆ తర్వాతి పది నిమిషాల్లో, టెన్షన్‌లో చేసే రిపేర్ల వల్ల. అందుకే ఈ విషయం మీద ఉన్న అపోహలను, నేను ఈ మధ్య సరిచేసిన ఒక షీటుతో కలిపి రాస్తున్నాను.

ఆ షీటులో 240 వరుసలు. A కాలమ్‌లో తేదీ, B లో వస్తువు పేరు, C లో పరిమాణం, D లో రేటు, E లో మొత్తం. E లో ప్రతి వరుసకూ ఇలాంటి ఫార్ములా ఉంది, చివర్లో E242 లో కూడిక ఉంది:

```
=C2*D2
=SUM(E2:E241)
```

వేరే షీటులో ఒక సారాంశం ఉంది. అది ఈ E242 నే చూపిస్తుంది. అక్కడ 3,12,400 అని ఉండేది.

షీటు నడిపే ఆవిడ తేదీల ఫార్మాట్ మార్చాలని `Ctrl+1` నొక్కబోయారు. వేలు ఒక కీ ఎడమకు జారింది. 1 కి ఎడమపక్కన, ఎస్కేప్ కింద ఉండే కీ అది. `Ctrl` తో కలిపి దాన్ని నొక్కితే షో ఫార్ములాస్ మోడ్ ఆన్ అవుతుంది. ఇది ఇంకో రకంగానూ జరుగుతుంది. అదే కీని `Ctrl+Shift` తో నొక్కితే గడి ఫార్మాట్ `General` కు మారుతుంది. అలా నొక్కేటప్పుడు షిఫ్ట్ సరిగా పడకపోయినా ఈ మోడే వస్తుంది.

అపోహ: లెక్కలు పోయాయి, ఫైల్ కరప్ట్ అయింది.

లెక్కలు ఎక్కడికీ పోవు. ప్రతి ఫార్ములా గడిలోనూ రెండు ఉంటాయి: ఒకటి ఫార్ములా, రెండోది దాని ఫలితం. మామూలుగా ఎక్సెల్ ఫలితాన్ని చూపిస్తుంది, ఈ మోడ్‌లో ఫార్ములాను చూపిస్తుంది. లెక్క మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే E కాలమ్‌లో కొన్ని గడులు సెలెక్ట్ చేసి, కింద స్టేటస్ బార్‌లో కూడిక చూడండి. లేదా ఆ గడుల మీద ఆధారపడిన వేరే షీటుకు వెళ్లండి. ఈ మోడ్ ఏ షీటుకు ఆ షీటుకే వర్తిస్తుంది కాబట్టి, అక్కడ అంకెలు మామూలుగానే ఉంటాయి. ఆవిడ సారాంశం షీటులోనూ ఆ సమయానికి 3,12,400 చెక్కుచెదరకుండా ఉంది. ఆవిడ అటు చూడలేదు, అంతే.

తేదీల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే జనాన్ని ఎక్కువగా భయపెట్టేది అదే. ఎక్సెల్ తేదీని వరుస సంఖ్యగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 అంటే 1, 2024 ఏప్రిల్ 1 అంటే 45383. ఈ మోడ్‌లో గడులకు వేసిన నంబర్ ఫార్మాట్లేవీ కనిపించవు. అందుకే తేదీ ఉన్న చోట 45383 కనిపిస్తుంది, 18% ఉన్న చోట 0.18 కనిపిస్తుంది. అన్నీ ఎడమ అంచుకు చేరతాయి. ఫార్ములాకు చోటు దొరకాలని కాలమ్‌లు దాదాపు రెట్టింపు వెడల్పవుతాయి.

ఇదే అసలైన గుర్తు కూడా. తేదీలు ఐదంకెల సంఖ్యలయ్యాయా? కాలమ్‌లు వెడల్పయ్యాయా? ఈ రెండూ ఉంటే ఇది షో ఫార్ములాస్ మోడే. `Formulas` ట్యాబ్‌లో `Show Formulas` బటన్ నొక్కి ఉన్నట్టు కనిపిస్తుంది. మళ్లీ దాన్నే నొక్కండి, లేదా అదే షార్ట్‌కట్ వాడండి. కీబోర్డ్ లేఅవుట్ వేరే అయితే షార్ట్‌కట్ పనిచేయకపోవచ్చు, బటన్ ఎప్పుడూ పనిచేస్తుంది.

అపోహ: Ctrl+Z కొడితే వెనక్కి వస్తుంది.

రాదు. ఈ మోడ్ మీరు చేసిన ఎడిట్ కాదు, షీటును చూసే తీరు మాత్రమే. అది అన్‌డూ జాబితాలో ఉండదు. మరి `Ctrl+Z` కొడితే ఏమవుతుంది? అంతకుముందు మీరు నిజంగా చేసిన పని పోతుంది. స్క్రీన్ మీద ఫార్ములాలు అలాగే ఉంటాయి కాబట్టి "ఇంకా రాలేదు" అనుకుని మళ్లీ కొడతారు. అప్పుడు ఇంకో ఎంట్రీ పోతుంది. ఆరేడుసార్లు కొడితే ఆరేడు పనులు మాయమవుతాయి, ఆ గజిబిజిలో అది గమనించడం చాలా కష్టం. ఈ పొరపాటు ఇప్పటికే చేసి ఉంటే ఆ షీటులో ఇంకేమీ టైప్ చేయకుండా `Ctrl+Y` కొట్టండి. ఎన్నిసార్లు వెనక్కి వెళ్లారో అన్నిసార్లు ముందుకు రావచ్చు. మధ్యలో ఒక్క కొత్త ఎడిట్ చేసినా ఆ దారి మూసుకుపోతుంది.

అపోహ: ఇది ఫార్మాట్ సమస్య, గడి ఫార్మాట్ మారిస్తే సరిపోతుంది.

అసలు నష్టం ఇక్కడ మొదలవుతుంది. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. గడి ఫార్మాట్ `Text` అయి ఉండి, అందులో ఫార్ములా టైప్ చేస్తే, ఎక్సెల్ దాన్ని ఉత్త అక్షరాలుగా తీసుకుంటుంది. అప్పుడూ గడిలో ఫార్ములాయే కనిపిస్తుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ `Text` సమస్య కొన్ని గడుల్లోనే ఉంటుంది, పక్కనున్న తేదీలు బాగానే ఉంటాయి, కాలమ్‌ల వెడల్పు మారదు. షీటు మొత్తం ఒక్క క్షణంలో మారిపోతే అది ఫార్మాట్ వల్ల కాదు.

ఆవిడ ఇది తెలియక షీటంతా సెలెక్ట్ చేసి `General` పెట్టారు, తర్వాత `Number`, చివరికి `Text`. ఏం పెట్టినా స్క్రీన్ మీద తేడా లేదు, ఎందుకంటే ఈ మోడ్‌లో ఫార్మాట్లు కనిపించవు కదా. అలా `Text` దగ్గరే వదిలేశారు. అంతవరకూ కూడా లెక్కకు హాని లేదు. అప్పటికే ఉన్న ఫార్ములా, ఫార్మాట్ `Text` అయినంత మాత్రాన ఆగిపోదు. దాన్ని మళ్లీ ఎంటర్ చేస్తే ఆగిపోతుంది. ఆవిడ 18, 19, 20 వరుసల్లో E గడికి వెళ్లి, `F2` కొట్టి, ఎంటర్ నొక్కి చూశారు. ఆ మూడు ఫార్ములాలూ ఆ క్షణంలోనే ఉత్త అక్షరాలయ్యాయి. `SUM` తను కూడే గడుల్లోని అక్షరాలను పట్టించుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఆ వరుసల విలువలు 4,200, 1,850, 950. సారాంశంలో 3,12,400 కాస్తా 3,05,400 అయింది. సరిగ్గా 7,000 తక్కువ.

దీంట్లో నన్ను బాధపెట్టే విషయం ఏమిటంటే, ఈ మోడ్‌లో ఉన్నంతసేపూ చచ్చిన ఫార్ములా, బతికున్న ఫార్ములా ఒకేలా కనిపిస్తాయి. ఏది దెబ్బతిన్నదో కంటితో చెప్పలేం.

అందుకే సరిచేసేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. ముందు మోడ్ ఆఫ్ చేశాను. వెంటనే E18 నుంచి E20 దాకా మూడు గడుల్లో మాత్రమే ఫార్ములాలు మిగిలాయి. అప్పుడు E కాలమ్‌ను `General` చేసి, ఆ మూడు గడుల్లో `F2`, ఎంటర్ కొట్టాను. ఇలాంటివి వందల్లో ఉంటే, ఫార్మాట్ మార్చాక ఆ కాలమ్‌ను సెలెక్ట్ చేసి `Ctrl+H` తెరవండి. వెతికే చోట `=`, బదులు పెట్టే చోట కూడా `=` ఇచ్చి `Replace All` నొక్కితే అన్నీ ఒకేసారి మళ్లీ ఎంటర్ అవుతాయి.

తేదీలు మోడ్ ఆఫ్ చేశాక కూడా 45383 లాగే ఉన్నాయి, ఎందుకంటే వాటి ఫార్మాట్ కూడా `Text` అయింది. ఎవరూ వాటిని మళ్లీ ఎంటర్ చేయలేదు కాబట్టి లోపల ఇంకా సంఖ్యలే. `Short Date` పెట్టగానే తేదీలయ్యాయి, కానీ వెంటనే `####` వచ్చాయి. మోడ్‌లో ఉన్నప్పుడు కాలమ్‌లు మరీ వెడల్పుగా ఉన్నాయని ఆవిడ వాటిని లాగి ఇరుకు చేశారు. మామూలు స్థితికి రాగానే అవి దాదాపు సగమయ్యాయి. కాలమ్ అంచు మీద డబుల్ క్లిక్ చేస్తే అది సర్దుకుంది.

అపోహ: ఇది నా స్క్రీన్ మీదే కదా, ఫైల్ మూసి తెరిస్తే పోతుంది.

సేవ్ చేస్తే పోదు. ఈ మోడ్ ఆన్‌లో ఉందన్న సంగతి ఆ షీటుతో పాటు ఫైల్‌లోనే రాసి ఉంటుంది. మెయిల్‌లో పంపితే, అవతలివాళ్లు తెరవగానే వాళ్లకూ ఫార్ములాలే కనిపిస్తాయి. ప్రింట్ తీసినా కాగితం మీద ఫార్ములాలే వస్తాయి.

అంతకన్నా జాగ్రత్త పడాల్సింది సీఎస్‌వీ దగ్గర. మోడ్ ఆన్‌లో ఉండగా షీటును సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫలితాల బదులు ఫార్ములాలు అక్షరాలుగా ఆ ఫైల్‌లోకి వెళ్తాయి. దాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, అంకె రావాల్సిన చోట `=C2*D2` వస్తుంది. అసలు ఎక్సెల్ ఫైల్ మీ దగ్గరే ఉంటే మోడ్ ఆఫ్ చేసి మళ్లీ సేవ్ చేయవచ్చు. సీఎస్‌వీ ఒక్కటే మిగిలితే కష్టం, అందులో ఫలితాలు లేవు.

చివరగా ఒక పరీక్ష. ఎవరో రిపేరు చేయబోయి వదిలేసిన షీటు మీ చేతికి వస్తే, మోడ్ ఆఫ్ చేసి, ఫార్ములాలు ఉండాల్సిన కాలమ్‌లో ఎన్ని గడుల్లో అవి లేవో లెక్కపెట్టండి. ఎక్సెల్ 2013 నుంచి ఇది పనిచేస్తుంది:

```
=SUMPRODUCT(--NOT(ISFORMULA(E2:E241)))
```

దీన్ని `General` ఫార్మాట్ ఉన్న గడిలోనే రాయండి, `Text` గడిలో రాస్తే ఇది కూడా అక్షరాలుగానే మిగిలిపోతుంది. `F2` కొట్టి ఉత్త అక్షరాలైన గడులనే కాదు, ఫార్ములా మీద ఎవరైనా చేత్తో అంకె కొట్టేసిన గడులను కూడా ఇది పట్టేస్తుంది. ఆవిడ షీటులో మొదట 3 వచ్చింది. సరిచేశాక 0 వచ్చింది, సారాంశంలో 3,12,400 తిరిగి కనిపించింది.