రీట్ చెల్లింపులో అద్దె ఎంత, అసలు ఎంత? గొడవ మొదలైంది 2023లో

రీట్ అంటే మదుపరుల డబ్బుతో ఆఫీసు భవనాలు నడిపి, వచ్చిన అద్దెను వాళ్లకు పంచే ట్రస్టు. ఐటీ రిటర్నులు వేసే రోజులు వచ్చాయంటే హైదరాబాద్‌లో రీట్ యూనిట్లు ఉన్నవాళ్లకి, చేతికొచ్చిన డబ్బులో అద్దె ఎంత, తమ అసలు ఎంత అనే పాత సందేహం మళ్లీ కొత్తగా పుడుతుంది. కూకట్‌పల్లిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర మొన్న అదే జరిగింది. రిటైరైన ఉద్యోగి ఒకాయన మూడు నెలలకోసారి ట్రస్టు పంపే చెల్లింపు వివరాల కాగితాన్ని టేబుల్ మీద పరిచారు. అందులో వడ్డీ అని ఒక వరుస, డివిడెండ్ అని ఒక వరుస, కంపెనీ అప్పు తిరిగి చెల్లింపు అని ఇంకో వరుస ఉన్నాయి. అద్దె అనే మాట మాత్రం ఎక్కడా లేదు.

"నాకు అమ్మినాయన ఇదంతా అద్దె అనే చెప్పాడు బాబూ. ఈ అప్పేంటి? నేనెవరికిచ్చాను?" అని ఆయన అడిగారు.

"ఐదు రూపాయల్లో రెండు మీ అసలే సార్, మీకు తిరిగొస్తోంది" అన్నాడు కన్సల్టెంట్ కుర్రాడు.

రీట్ అంటే ఏమిటో, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో నిబంధనలు ఎలా తెచ్చిందో చాలామందికి తెలుసు. తెలియంది మాదాపూర్ టవర్‌లో కంపెనీ కట్టిన అద్దె మన ఖాతాకు చేరేలోపు ఎన్ని వేషాలు మారుస్తుందనేది. భవనం సాధారణంగా నేరుగా ట్రస్టు పేరు మీద ఉండదు. దానికోసమే పెట్టిన ఒక కంపెనీ పేరు మీద ఉంటుంది. ఎస్పీవీ అనేది దాన్నే. ట్రస్టు యూనిట్లు అమ్మి తెచ్చిన డబ్బులో కొంత ఆ కంపెనీకి అప్పుగా ఇస్తుంది, కంపెనీ దాంతో తన పాత బ్యాంకు అప్పు తీర్చుకుంటుంది. అప్పటి నుంచి ట్రస్టు ఆ కంపెనీకి యజమాని, అప్పిచ్చినవాడు కూడా.

అద్దె వచ్చాక మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, బ్యాంకు బాకీలు పోను మిగిలిన నగదులో కనీసం 90 శాతం కంపెనీ ట్రస్టుకు పంపాలి. ట్రస్టు కూడా తన దగ్గర మిగిలే నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు పంచాలి. అంటే 90 శాతం అనేది అద్దె మీద కాదు, ఖర్చులు పోను మిగిలిన నగదు మీద. అదీ రెండు మెట్లలో. రెండు చోట్లా కనీసమే పాటిస్తే కంపెనీ దగ్గర మిగిలిన నూటికి మన చేతికి వచ్చేది 81. ఆచరణలో ట్రస్టులు ఇంతకన్నా ఎక్కువే పంచుతుంటాయి, కానీ చట్టం గ్యారంటీ ఇచ్చేది అంతవరకే.

మరి అప్పు తిరిగి చెల్లింపు ఎందుకు? కంపెనీ డివిడెండ్ ఇవ్వాలంటే లెక్కల్లో లాభం ఉండాలి. భవనానికి ఏటా తరుగుదల రాస్తారు. ఆ డబ్బు ఎవరికీ ఇవ్వరు, కానీ లాభం మాత్రం అంతమేర తగ్గిపోతుంది. నగదు ఉంటుంది, డివిడెండ్‌గా ఇచ్చే వీలుండదు. అలా ఇరుక్కుపోయిన నగదును బయటికి తేవడానికి దారి ట్రస్టు ఇచ్చిన అప్పు. కంపెనీ అసలు తీరుస్తుంది, ట్రస్టు దాన్ని మనకు పంచుతుంది. ఇందులో మోసమేమీ లేదు. భవనాన్ని ముక్కలుగా అమ్మి ఇస్తున్నదీ కాదు.

నా ఉద్దేశంలో ఇవాళ్టి గందరగోళమంతా 2023 ఫిబ్రవరి 1 బడ్జెట్‌తో మొదలైంది. అప్పటిదాకా ఈ అసలు భాగం మీద ట్రస్టు పన్ను కట్టేది కాదు, యూనిట్‌దారూ కట్టేవాడు కాదు. ఇద్దరూ కట్టకపోవడం మా ఉద్దేశం కాదంది ప్రభుత్వం. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. కానీ అందుకు ఎంచుకున్న మార్గం, వచ్చిన అసలు మొత్తాన్నీ ఇతర ఆదాయంగా చూసి స్లాబు ప్రకారం పన్ను వేయడం. మూడు వందలు పెట్టి యూనిట్ కొన్నవాడికి అందులోంచి రెండు రూపాయలు తిరిగొస్తే అది ఆదాయం ఎలా అవుతుంది? చేబదులు ఇచ్చిన డబ్బు తిరిగొస్తే ఎవరైనా జీతంలో కలుపుకుంటారా? ట్రస్టులు, మదుపరులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మార్చిలో ఫైనాన్స్ బిల్లు లోక్‌సభలో పాసయ్యేనాటికి ప్రతిపాదన మారింది. వచ్చిన అసలు వచ్చినట్టే యూనిట్ కొన్న ధరలోంచి తగ్గుతుంది. ఇలా పంచిన మొత్తం, ట్రస్టు మొదట యూనిట్ అమ్మిన ఇష్యూ ధర దాటితేనే, ఆ దాటిన భాగం ఆదాయం.

ఇది కొత్త అనుభవమేమీ కాదు. 2020లో డివిడెండ్ల విషయంలోనూ ఇదే జరిగింది. ఫిబ్రవరిలో డివిడెండ్ మొత్తం మీద యూనిట్‌దారులు పన్ను కట్టాలన్నారు, మార్చిలో సవరించారు. కంపెనీ 22 శాతం రాయితీ పన్ను విధానంలోకి వెళ్లకపోతే ఆ డివిడెండ్ మనకు పన్ను లేనిది, వెళ్తే పన్ను పడేది అని తేల్చారు. మాదాపూర్, పోచారం ఐటీ పార్కులున్న మైండ్‌స్పేస్ ట్రస్టు 2020 ఆగస్టులో లిస్టయ్యాక మొదటి ఏళ్లలో పంచినదాంట్లో ఎక్కువ భాగం డివిడెండే. 2019లో అందరికన్నా ముందు లిస్టయిన ఎంబసీ చెల్లింపుల్లో అప్పు తిరిగి చెల్లింపు వాటా పెద్దది. ఒకే వీధిలో ఇద్దరు రెండు ట్రస్టుల యూనిట్లు కొంటే కాగితాలు వేరుగా వచ్చేది ఇందుకే.

కన్సల్టెంట్ వేసి చూపించిన లెక్క ఇదీ. అంకెలు సులువు కోసం గుండ్రంగా తీసుకున్నాడు. ఇష్యూలో 300 రూపాయలకు కొన్న 100 యూనిట్లు. మూడు నెలలకు యూనిట్‌కు 5 రూపాయలు: వడ్డీ ఒకటిన్నర, పన్ను లేని డివిడెండ్ ఒకటిన్నర, అసలు 2. వడ్డీ మీద 10 శాతం టీడీఎస్ 15 పైసలు పోను యూనిట్‌కు చేతికొచ్చేది 4.85. ఏడాదికి పంచింది 20 రూపాయలు. అమ్మినాయన చెప్పిన ఆరున్నర శాతం పైచిలుకు రాబడి ఇక్కడి నుంచే వచ్చింది. అసలు 8 రూపాయలు పక్కన పెడితే మిగిలేది 12, అంటే 4 శాతం. బ్యాంకు ఎఫ్‌డీతో పోల్చాల్సింది దీన్నే. ఏడాది తర్వాత ఆ యూనిట్ కొన్న ధర పన్ను లెక్కల్లో 292. 350కి అమ్మితే లాభం 50 కాదు, 58.

మార్కెట్లో కొన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. 360కి కొన్నా, అసలు ఎంతవరకు ఆదాయం కాదనే పరిమితిని చూసేది 300 ఇష్యూ ధరతోనే. ఆ యూనిట్ మీద పాత యజమానులకు పంచిన అసలు కూడా అందులో కలుస్తుంది. మనం అందుకోని డబ్బు మన పరిమితిని తినేస్తుందన్నమాట. అక్కడిదాకా రావడానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి ఇప్పుడెవరూ పట్టించుకోవడం లేదు.

అమ్మేవాళ్ల వాదన ఒకటే. చేతికొచ్చింది నగదే కదా, పేరేదైతే ఏంటి అని. పేరును బట్టే పన్ను మారుతున్నప్పుడు ఆ మాట నిలవదు. యూనిట్ అమ్మే రోజున ఈ భాగాలే అడుగుతారు.

ఆ పెద్దాయన కాగితాలన్నీ తేదీల వారీగా సర్దుకున్నారు. ప్రతి దాని మూలన పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లారు: 298, 296, 294, 292.