కాలి గోరు కండలోకి గుచ్చుకుంటే: అపోహలు - వాస్తవాలు

బొటనవేలి గోరు పక్కన సలుపు మొదలవగానే చాలామంది నెయిల్ కట్టర్ తీసుకుని ఆ మూలను ఇంకా లోతుగా కత్తిరిస్తారు. ఆ పూటకు హాయిగానే ఉంటుంది. కొన్ని వారాలకు నొప్పి ముందుకన్నా ఎక్కువై తిరిగొస్తుంది.

అపోహ: గుచ్చుకునే మూలను కోసేస్తే బాధ పోతుంది.

కట్టర్ మూల చివరిదాకా చేరదు. పైకి కనిపించినంత మేరే తెగి, చర్మం మడత కింద సన్నని మొన మిగిలిపోతుంది. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఆ మొన కూడా దానితో పాటే జరిగి కండలోకి దిగుతుంది. గోరు లేని చోట చర్మం ఉబ్బి దాని దారికి అడ్డం రావడం వల్ల బాధ ఇంకా పెరుగుతుంది.

అందుకే గోరును అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. రెండు మూలలూ చర్మం మీదుగా కంటికి కనిపించాలి. చివర ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లని అంచు ఉంచాలి. ఇళ్లలో వాడే కట్టర్ల అంచు వంపుగా ఉంటుంది కాబట్టి ఒకే నొక్కుతో తెంపితే మూలలు గుండ్రమైపోతాయి. ఒక పక్క నుంచి చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించుకుంటూ పోవాలి. మూల పదునుగా తగిలితే ఫైల్‌తో రుద్ది నున్నగా చేస్తే చాలు. పెళుసుగా, మందంగా ఉన్న గోటిని ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. చేత్తో లాగి చించడం మాత్రం అసలు వద్దు, ఆ చీలిక ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు.

అపోహ: గోరు మధ్యలో 'వి' ఆకారంలో గాటు పెడితే అంచులు మధ్యకు లాక్కుంటాయి.

గోరు పెరిగేది వెనక, చర్మం కింద ఉన్న మూలం దగ్గర. ముందు అంచులో జీవం లేదు. అక్కడ గాటు పెట్టినా పెరిగే దిశ మారదు.

అపోహ: పసుపు, సున్నం కలిపి కడితే తగ్గిపోతుంది.

గోరుచుట్టుకు చేసే చిట్కాలే దీనికీ చేస్తుంటారు. ఏ పూత వేసినా లోపలి మొన బయటికి రాదు, పైగా సున్నం ఒరిసిన చర్మాన్ని కాలుస్తుంది.

చీము పట్టని తొలిదశలో ఇంట్లో చేయగలిగింది ఉంది. బిగుతు బూట్లతో ఆడే ఇంటర్ కుర్రాడికి నాలుగు రోజులుగా గోరు పక్కన ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పిగా ఉందనుకుందాం. రోజుకు రెండు మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున గోరువెచ్చని ఉప్పునీళ్లలో పాదం పెట్టాలి. తర్వాత బాగా తుడిచి, దూది పుల్లతో ఉబ్బిన చర్మాన్ని గోటి అంచు నుంచి పక్కకు మెల్లగా నెట్టాలి. గోరు మూల కాస్త పైకి లేస్తే దాని కింద బియ్యపు గింజంత దూది పోగు పెట్టి రోజూ మార్చాలి. నొప్పి పుడితే బలవంతంగా తోయకూడదు.

దూది నిలవకపోతే సెంటీమీటరు వెడల్పున్న గుడ్డ ప్లాస్టర్ వాడొచ్చు. ఒక కొస గోటి పక్క చర్మం మీద అంటించి, చర్మాన్ని గోటి నుంచి దూరంగా లాగుతూ వేలి అడుగుకు ఏటవాలుగా తిప్పాలి. వేలి చుట్టూ బిగించి కట్టకూడదు, రక్తం ఆడదు. ఇలా చేసే రోజుల్లో బూట్లు మాని ముందు తెరిచి ఉన్న చెప్పులు వేసుకోవాలి. వారంలోపు తగ్గుముఖం పట్టకపోతే డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: యాంటీబయాటిక్ కోర్సు వాడితే సరిపోతుంది.

ముల్లు దిగిన చోట ముల్లు తీయకుండా మందులు మింగినట్టే. ఎరుపు పాకుతుంటే మందు అవసరమే, కానీ గుచ్చుకునే ముక్క ఉన్నంతకాలం సమస్య తిరగబెడుతూనే ఉంటుంది.

అపోహ: గోరంతా పీకేయించుకుంటే శాశ్వతంగా పోతుంది.

మూలం అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ వచ్చే గోరు చాలామందికి అలాగే గుచ్చుకుంటుంది. పదే పదే వస్తుంటే వేలికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గుచ్చుకునే పక్క సన్నని పట్టీ మేర గోరు తీసి, అక్కడి మూలానికి ఫినాల్ అనే రసాయనం పూస్తారు. అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. గోరు కాస్త సన్నబడుతుంది, ఆ పక్క మళ్లీ పెరిగే అవకాశం బాగా తగ్గుతుంది. కొన్ని వారాలు నీరు కారడం మామూలే. నొప్పి, ఎరుపు రోజురోజుకూ పెరిగితే మాత్రం వెంటనే మళ్లీ చూపించాలి.

అపోహ: నొప్పి లేదంటే ప్రమాదం లేదు.

షుగర్ ఉన్నవారి విషయంలో ఇది చాలా ప్రమాదకరమైన నమ్మకం. నరాలు మొద్దుబారితే గోరు ఎంత లోతుకు దిగినా తెలియదు, నీళ్ల వేడీ తెలియదు. షుగర్, కాళ్లకు రక్తప్రసరణ లోపం, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు, వీటిలో ఏది ఉన్నా పైన చెప్పిన ఇంటి వైద్యం చేయకుండా మొదటి రోజే డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి.

మిగతావారు కూడా చీము, దుర్వాసన, ముట్టుకుంటే రక్తం కారే ఎర్రని కండ గోటి పక్కన పెరగడం కనిపిస్తే ఇంట్లో ఆగకూడదు. ఎరుపు వేలు దాటి పాదం మీదికి పాకినా, పైకి ఎర్రని గీత సాగినా, జ్వరం వచ్చినా, వేలు నల్లబడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.