కట్ ఎప్పుడు ఆపాలో ముందే లెక్కకట్టడం

84 కిలోల బరువున్న మనిషిని ఊహించుకుందాం. ఒంట్లో కొవ్వు 25 శాతం అని మెషీన్ చూపించింది. కట్ చేసి, అంటే కొంతకాలం తిండి తగ్గించి కొవ్వు కరిగించి, దాన్ని 16 శాతానికి తేవాలని ఆయన కోరిక. ఈ కోరికను తేదీగా మార్చడానికి చిన్న లెక్క చాలు. 84 కిలోల్లో 25 శాతం అంటే 21 కిలోల కొవ్వు. మిగిలిన 63 కిలోలు కండ, ఎముక, నీరు, అవయవాలు. ఈ 63 కిలోలూ చెక్కుచెదరకుండా ఉంటే, కొవ్వు 16 శాతానికి వచ్చేసరికి ఆ 63 కిలోలే మొత్తం బరువులో 84 శాతం అవుతాయి. 63ను 0.84తో భాగిస్తే 75 వస్తుంది. అంటే తగ్గాల్సింది 9 కిలోలు.

కండ పోకుండా తగ్గాలంటే వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గడం మంచి వేగం. ఈయనకు వారానికి 0.6 కిలోలు అనుకుందాం. అప్పుడు 15 వారాలు పడుతుంది. కిలో కొవ్వులో సుమారు 7700 క్యాలరీలు ఉంటాయి కాబట్టి రోజుకు 660 క్యాలరీల లోటు కావాలి.

ఇక్కడిదాకా అంతా సాఫీగానే ఉంది. చిక్కంతా మొదట తీసుకున్న ఆ 25 దగ్గరే ఉంది. కాళ్ల కింద సన్నటి కరెంటు పంపి కొలిచే తూకం మెషీన్లు కొవ్వును నేరుగా చూడలేవు. ఒంట్లో నీటిని అంచనా వేసి, దాని నుంచి కొవ్వును ఊహిస్తాయి. నీళ్లు ఎక్కువ తాగినా, చెమట పోసినా అంకె మారిపోతుంది. మూడు శాతం అటూ ఇటూ కావడం మామూలే. ఆ మూడు శాతం మన లెక్కను ఏం చేస్తుందో చూడండి. అసలు కొవ్వు 22 శాతమే అయితే గమ్యం 78 కిలోలు, పట్టేది 10 వారాలు. అదే 28 శాతం అయితే గమ్యం 72 కిలోలు, పట్టేది 20 వారాలు. ఒకే మనిషి, ఒకే కోరిక, కానీ గడువు రెండింతలు మారిపోయింది.

అందుకే కొవ్వు శాతాన్ని దిక్కు తెలుసుకోవడానికి మాత్రమే వాడి, ముగింపును క్యాలెండర్ మీద పెట్టమంటాను. ఈయనైతే 15 వారాల తర్వాతి తేదీని రాసుకోవాలి, దాని పక్కనే 75 కిలోలు అని రాసుకోవాలి. రెండింటిలో ఏది ముందొస్తే అక్కడ ఆపాలి. బరువును రోజూ ఉదయం చూసి, ఏడు రోజుల సగటును పోల్చాలి. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత కూడా వారానికోసారి రాసుకోవాలి. నెలసరి వచ్చే ఆడవాళ్లలో నీటి బరువు నెల పొడవునా మారుతుంటుంది. అందుకని వాళ్లు ఈ నెలలో ఒక వారాన్ని పోయిన నెలలో అదే వారంతో పోల్చుకుంటేనే నిజం తెలుస్తుంది.

తేదీ మీద ఇంత పట్టు ఎందుకంటే, కట్ సాగేకొద్దీ ఒళ్లు ఎదురు తిరుగుతుంది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2016లో దీన్ని ఒక తెలివైన దారిలో కొలిచింది. మూత్రంలో గ్లూకోజ్ బయటికి పోయేలా చేసే షుగర్ మందు వాడినవాళ్ల సమాచారాన్ని వాళ్లు తీసుకున్నారు. రోజూ క్యాలరీలు పోతున్నాయని వాళ్లకు తెలియదు కాబట్టి, తిండి పెరిగిందంటే అది ఒళ్లు అడిగినదే. తగ్గిన ప్రతి కిలోకీ ఆకలి రోజుకు సుమారు 100 క్యాలరీలు పెరిగిందని తేలింది. ఒళ్లు రోజూ చేసే ఖర్చు మాత్రం కిలోకు 20 నుంచి 30 క్యాలరీలే తగ్గుతుంది. జీవక్రియ మందగించిందని అందరూ బాధపడతారు గానీ, నిజంగా నెట్టేది ఆకలే. 9 కిలోలు తగ్గేసరికి అది రోజుకు 900 క్యాలరీల ఒత్తిడి. ఖర్చు కూడా 200 దాకా తగ్గడంతో మొదట 660 ఉన్న లోటు చివరికి 450కి పడిపోతుంది. వేగం నిలవాలంటే మధ్యలో ఒకటి రెండుసార్లు తిండిని సరిచూసుకోవాలి.

15 వారాలు అయిపోయాయి, బరువు 77 దగ్గర ఆగింది అనుకుందాం. అప్పుడు కూడా ఆపాలి. బరువు నిలకడగా ఉండేంత తిండికి వచ్చి ఆరు వారాలు గడిపి, ఇంకా కావాలనిపిస్తే ఆ 2 కిలోల కోసం మూడు నాలుగు వారాల చిన్న కట్ వేరేగా పెట్టుకోవచ్చు. కొన్ని సూచనలకైతే తేదీ దాకా కూడా ఆగకూడదు. జిమ్‌లో ఎత్తే బరువులు రెండు మూడు వారాలుగా వరసగా పడిపోతుంటే కండ పోతోందేమోనని అనుమానించాలి. నెలసరి ఆగిపోతే ఆ రోజే కట్ మానేసి డాక్టర్ని చూడాలి.

ఆపిన మొదటి వారంలో బరువు కిలో, కిలోన్నర పెరిగితే కంగారు పడి మళ్లీ తిండి తగ్గించేస్తారు చాలామంది. కండల్లో ఖాళీ అయిన గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వ మళ్లీ నిండుతుంది, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీళ్లు వస్తాయి. అది కొవ్వు కాదు. నడుము చుట్టుకొలత దాదాపు అలాగే ఉండటమే గుర్తు. రెండు వారాలు గడిచాక వచ్చే సగటు బరువునే మీ కొత్త బరువుగా రాసుకోండి.