న్యూస్ ఒకటి, సిజర్స్ అనేకం

రాత్రి ఏడు గంటలకు టీవీ పెట్టిన పిల్లవాడు "న్యూస్ వచ్చింది" అంటాడు. అదే గదిలో ఉన్న తాతగారు "వార్తలు వచ్చాయి" అంటారు. కార్యక్రమం ఒక్కటే అయినా పిల్లవాడి క్రియ ఏకవచనంలో, తాతగారి క్రియ బహువచనంలో ఉన్నాయి, ఇద్దరి తెలుగూ సరైనదే. అయితే అదే పిల్లవాడు ఇంగ్లీషు పరీక్షలో "ద న్యూస్ ఆర్ గుడ్" అని రాస్తే తప్పవుతుంది. "వార్తలు" అనే మాటలోని బహువచనాన్ని అతడు న్యూస్ మీదికి తెచ్చాడు, దానికి తోడు ఆ మాట చివర "స్" కూడా కనిపించింది. కత్తెరను "ఎ సిజర్" అని రాసినప్పుడు జరిగేది దీనికి సరిగ్గా ఎదురు: కత్తెర మనకు ఒకటే కనుక ఇంగ్లీషులోనూ ఒకటే అయి ఉంటుందనుకుంటాడు.

వచనం వస్తువులోనే ఉంటుందన్న నమ్మకం ఈ రెండు తప్పులకూ మూలం. నిజానికి అది మాటకు సంబంధించినది, ఆ సంగతి తెలుగువారికి వంటింట్లోనే కనబడుతుంది. పాలు పొంగాయి అంటాం, పెరుగు తోడుకుంది అంటాం. రాత్రి తోడు వేసేటప్పుడు బహువచనంలో ఉన్న పాలు తెల్లవారేసరికి ఏకవచనంలోని పెరుగుగా మారతాయి. గిన్నె మారలేదు, అందులోని ద్రవం ముక్కలుగా విడిపోయి మళ్లీ ఒకటి కాలేదు, వచనాన్ని మార్చినది పేరు మాత్రమే. ఇంగ్లీషు మాటలను కూడా ఈ కళ్లతోనే చూడాలి.

చివరి అక్షరం చూసి వచనం తేల్చలేనప్పుడు, ఆ మాట వాక్యంలో ఎవరితో కలిసి నడుస్తున్నదో చూడాలి. దాని ముందు "దిస్" నిలుస్తుందా, "దీజ్" నిలుస్తుందా అన్నది మొదటి పరీక్ష. "టూ", "త్రీ" వంటి సంఖ్యను నేరుగా దాని ముందు పెట్టగలమా అన్నది రెండవది. నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పేది మూడవ పరీక్ష: ఆ మాట మరో మాటతో కలిసి సమాసమైనప్పుడు చివరి "స్" ఊడిపోతుందా? న్యూస్‌పేపర్ అంటారే గాని న్యూపేపర్ అనరు, ఎందుకంటే అక్కడ "స్" మాటలో భాగమైపోయింది. ట్రౌజర్స్ జేబును మాత్రం ట్రౌజర్ పాకెట్ అంటారు, అంటే ఆ "స్" ఇంకా పైనుంచి తగిలించిన బహువచన ప్రత్యయమేనని మాట్లాడేవారి మనసుకు తెలుసు. అయితే ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. కళ్లజోడు పెట్టుకునే పెట్టెను గ్లాసెస్ కేస్ అనే అంటారు, ఎందుకంటే "ఎస్" తీసేస్తే అది గాజు పెట్టె అనే వేరే అర్థం ఇస్తుంది.

న్యూస్ మొదటి నుంచీ ఇలా లేదు. కొత్త అని అర్థమిచ్చే "న్యూ" అనే విశేషణానికి బహువచన ప్రత్యయం చేర్చి, ఫ్రెంచి మాట నువెల్ పోలికలో, "కొత్త సంగతులు" అనే అర్థంలో మధ్యయుగంలో దాన్ని కల్పించుకున్నారు. నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలతో పుట్టిందని బడుల్లో చెప్పే కథకు ఆధారం లేదు. మాట ఒక వచనం నుంచి మరొక వచనానికి జారుతున్న సమయాన్ని షేక్‌స్పియర్ నాటకాల్లో దగ్గరగా చూడవచ్చు. రోమియోకు జూలియెట్ చావు కబురు తెచ్చిన సేవకుడు "దీజ్ ఇల్ న్యూస్" అని బహువచనంలో అంటాడు. అదే రచయిత మరో నాటకం, మెజర్ ఫర్ మెజర్‌లో డ్యూక్ "దిస్ న్యూస్ ఈజ్ ఓల్డ్ ఇనఫ్" అని ఏకవచనంలో అంటాడు. ఒకే కలం నుంచి రెండూ వచ్చాయంటే, ఆనాటి చెవికి రెండూ సహజంగానే వినిపించేవన్నమాట. తరువాతి కాలంలో విడివిడి సంగతుల భావన మసకబారి, అన్నీ కలిసిన సమాచారం అనే భావన నిలిచింది, దానితోపాటు ఏకవచనమూ స్థిరపడింది. అయినా అది ఏకవచనమే తప్ప లెక్కపెట్టదగిన మాట కాలేదు. "ఎ న్యూస్" అనడానికి వీల్లేదు, ఒక వార్త అనాలంటే "ఎ పీస్ ఆఫ్ న్యూస్" అనాలి.

బఠాణీ విషయంలో బండి ఎదురు దారిలో నడిచింది. పూర్వపు ఇంగ్లీషులో దాని పేరు పీజ్, అది ఏకవచనమే, చివరి "జ్" ధ్వని ధాతువులోనిదే. బహువచనం కావాలంటే ఆక్సెన్, చిల్డ్రెన్ మాటల్లో నేటికీ మిగిలిన "న్" చేర్చేవారు. ఆ పాత పద్ధతి అరుదైపోయి, బహువచనమంటే "స్" అన్న అలవాటు బలపడ్డాక, పీజ్ అన్నది విన్నవారికి అనేక గింజలుగానే తోచింది. అనేకం పీజ్ అయితే ఒకటి "పీ" అయి ఉండాలని తోక కత్తిరించారు, 17వ శతాబ్దానికి ఆ కొత్త ఏకవచనం వాడుకలోకి వచ్చింది. పాత మాట పూర్తిగా పోలేదు. బఠాణీ పప్పును మెత్తగా ఉడికించి చేసే వంటకాన్ని ఉత్తర ఇంగ్లండులో నేటికీ పీజ్ పుడింగ్ అనే అంటారు.

సిజర్స్ మాత్రం బహువచనాన్ని వదలలేదు. వస్తువు ఒక్కటే అయినా "ద సిజర్స్ ఆర్ షార్ప్" అనాలి, లెక్కపెట్టాలంటే "టూ పెయిర్స్ ఆఫ్ సిజర్స్" అనాలి. "పెయిర్" చేరగానే క్రియ ఆ మాటను అనుసరించి ఏకవచనమో బహువచనమో అవుతుంది. మన కళ్లజోడులో ఉన్న "జోడు" చేసే పని కూడా ఇదే. రెండు సమాన భాగాలు ఒకచోట అతుక్కున్న పనిముట్లకూ దుస్తులకూ ఇంగ్లీషు ఎక్కువగా ఈ పద్ధతే పాటిస్తుంది; మనం పట్టకారు అనే ఏకవచనపు వస్తువు కూడా వారికి టాంగ్స్. కాని రెండు భాగాలుండటమే కారణమైతే రెండు చక్రాల సైకిల్ కూడా బహువచనం కావాలి, కాలేదు. కాబట్టి అది కొన్ని మాటలకు అంటుకున్న అలవాటే గాని నియమం కాదు. బల్ల మీద ఉన్నది ఒక కత్తెరా, పది కత్తెర్లా అన్నది "దీజ్ సిజర్స్" అన్నప్పుడు ఆ మాటలనుబట్టి తెలియదు, చూసి తెలుసుకోవలసిందే.

ఇక డేటా. లాటిన్‌లో డేటమ్ అంటే "ఇవ్వబడినది", దాని బహువచనం డేటా. అందుకే శాస్త్ర వ్యాసాల్లో చాలామంది నేటికీ "డేటా ఆర్" అని రాస్తారు. బయట ఎక్కువమంది "డేటా ఈజ్" అంటారు. మనవాళ్లు "ఫోన్లో డేటా అయిపోయింది" అన్నప్పుడు ఆ మాటను ఏకవచనంలోనే తీసుకున్నారు. ఈ తగవును క్రియతో తేల్చలేం, ఎందుకంటే తగవే క్రియ గురించి. రెండవ పరీక్ష పెట్టి చూడండి. "డేటా ఆర్" అని పట్టుదలగా రాసే శాస్త్రజ్ఞుడు కూడా సాధారణంగా "త్రీ డేటా" అని లెక్కపెట్టడు, "త్రీ డేటా పాయింట్స్" అంటాడు. "హౌ మచ్ డేటా" అని అడగటం అతనికీ సహజమే. క్రియ దగ్గర లాటిన్‌ను గౌరవిస్తున్నా, లెక్క దగ్గరికి వచ్చేసరికి అతడు దాన్ని నీరులాగా, ఇసుకలాగా రాశిగానే చూస్తున్నాడు. అందువల్ల "డేటా ఈజ్" అన్నవారిని దిద్దడం సరికాదని నా అభిప్రాయం. పత్రిక నియమం అడిగినచోట "ఆర్" రాయవచ్చు, మిగతాచోట్ల "ఈజ్" రాయడంలో దోషం లేదు.

డేటా తన ఏకవచనం నుంచి ఎంత దూరం వచ్చిందో భూమి కొలతల రంగంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎత్తులనూ స్థానాలనూ కొలవడానికి ఆధారంగా పెట్టుకునే మట్టాన్ని, చట్రాన్ని అక్కడ డేటమ్ అంటారు. సగటు సముద్ర మట్టం అలాంటి ఒక ఆధారం, ఫోన్లలోని జీపీఎస్ వాడే WGS 84 మరొకటి. ఇటువంటివి రెండు ఉన్నప్పుడు సర్వేయర్లు వాటిని డేటా అనరు, డేటమ్స్ అంటారు.