ఆదివారం డ్యూటీకి డబులా, కాంపాఫా?

జీడిమెట్లలో, బాలానగర్‌లో ఏ కంపెనీ గేటు దగ్గర అడిగినా ఈ ప్రశ్నకు మూడు రకాల జవాబులొస్తాయి. "ఆదివారం వస్తే డబుల్ పడుతుంది" అంటాడొకడు. "మాకు కాంపాఫ్ రాసేస్తారు, బదులుగా ఇంకో రోజు సెలవన్నమాట, డబ్బుల్లేవు" అంటాడు పక్కనున్నవాడు. ఇంకొకడికి రెండూ వస్తాయి. మూడూ నిజమే కావచ్చు. సెలవు రోజు పని గురించి మనకున్నది ఒక్క చట్టం కాదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాలకు పుట్టిన చట్టాలు ఒకదాని పక్కన ఒకటి నడుస్తూ వచ్చాయి.

ముందు పుట్టింది వారపు సెలవు. అది డబ్బు కోసం అడిగింది కాదు, విశ్రాంతి కోసం అడిగింది. బొంబాయి మిల్లుల్లో ఆదివారం కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో కార్మికుల సంతకాలతో అర్జీ పెట్టించారు. మిల్లు యజమానులు ఒప్పుకునేసరికి 1890 జూన్ వచ్చింది. మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టంలోకి వారానికో సెలవు ఎక్కింది. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన వారపు విశ్రాంతి ఒప్పందంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. విశ్రాంతి పోతే, వీలైనంతవరకూ దాని బదులు మరో విశ్రాంతి ఇవ్వమంటుంది అది. రెట్టింపు కూలి ఊసు అందులో లేదు. నేటి కాంపాఫ్‌కు మూలం ఇక్కడుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం ఆ దారినే పట్టింది. 52వ సెక్షన్ ప్రకారం ఆదివారం పని చేయించాలంటే, దానికి ముందు మూడు రోజుల్లో గానీ తర్వాత మూడు రోజుల్లో గానీ ఒక పూర్తి రోజు సెలవివ్వాల్సి ఉండేది. ముందే ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు పంపి, ఫ్యాక్టరీలోనూ అంటించాల్సి ఉండేది. ఎలా అటూ ఇటూ మార్చినా పది రోజులకు మించి వరుసగా పని చేయించకూడదని ఉండేది. ఈ పది రోజుల సంగతి చాలామందికి తెలియదు. మస్టర్ ముందేసుకుని హాజరు గళ్లు వరుసగా లెక్కపెడితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఆగకుండా నడిచే ప్లాంట్లకు ఈ సెక్షన్ నుంచి మినహాయింపు దొరికేది. అలాంటి చోట పోయిన సెలవులను 53వ సెక్షన్ కింద అదే నెలలో, లేదా తర్వాతి రెండు నెలల్లో తిరిగి ఇవ్వాల్సి ఉండేది. "తొంభై రోజుల్లో వాడుకోలేదు, నీ కాంపాఫ్ ల్యాప్స్ అయింది" అనే మాట ఈ గడువును తలకిందులు చేసి పుట్టించింది. గడువు యాజమాన్యానికి పెట్టింది, కార్మికుడికి కాదు.

మరి డబుల్ ఎక్కడిది? అది 59వ సెక్షన్‌ది, అంటే ఓటీది. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు. ఆదివారం అన్న మాటే అందులో ఉండేది కాదు. ఒక లెక్క వేసి చూద్దాం. ప్యాకింగ్‌లో పనిచేసే కార్మికుడికి నెలకు 20,800 రూపాయలు అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 800, గంటకు 100. చట్టం లెక్కలో వారం శనివారం అర్ధరాత్రి మొదలవుతుంది. ఆదివారం వచ్చి, బుధవారం సెలవు తీసుకుంటే ఆ వారం మొత్తం 48 గంటలే. ఓటీ సున్నా. బుధవారం సెలవివ్వకుండా శనివారం దాకా లాగితే 56 గంటలు. 8 గంటల ఓటీకి గంటకు 200 చొప్పున 1,600, జీతం మీద అదనంగా రావాలి. గేటు దగ్గర మొదటివాడూ రెండోవాడూ ఇద్దరూ నిజమే చెప్పారు. వారి వారాలు వేరు, అంతే.

మూడోవాడి జవాబు కనీస వేతనాల చట్టం నుంచి వచ్చింది. అదీ 1948దే. విశ్రాంతి రోజు పనికి ఓటీ రేటుకు తగ్గకుండా కట్టాలని అది నేరుగా చెప్పింది. 1950 నాటి కేంద్ర నిబంధనలు ఇంకో అడుగు వేశాయి: బదులు సెలవు ఇచ్చినా సరే, పని చేసిన విశ్రాంతి రోజుకు ఓటీ రేటు, బదులు రోజుకు మామూలు కూలి. అంటే రెండూ. ఒకే ఏడాది వచ్చిన రెండు చట్టాలు ఒకే ఆదివారానికి రెండు వెలలు కట్టడం నాకిప్పటికీ విచిత్రంగానే ఉంటుంది.

పండగ సెలవుల కథ వేరు. జనవరి 26, ఆగస్టు 15 లాంటి రోజులు అలసట తీర్చుకోవడానికి పెట్టినవి కావు. వాటికి రాష్ట్రాలు విడిగా చట్టాలు చేసుకున్నాయి. మనకు 1974లో వచ్చింది, తెలంగాణ ఏర్పడ్డాక కూడా అదే కొనసాగుతోంది. ఆ రోజు పనిచేస్తే రెట్టింపు కూలి గానీ, ఆ రోజు కూలితో పాటు జీతంతో కూడిన మరో సెలవు గానీ ఇవ్వాలి. ఏది కావాలో ఎంచుకునేది ఉద్యోగి. ఈ ఎంపికను సూపర్‌వైజరే చేసేసి షీట్ మీద కాంపాఫ్‌కు గుర్తుగా "సీఓ" అని రాయడం మామూలైపోయింది. డబుల్ ఎంచుకున్నా ఒక తకరారు ఉంది. నెల జీతంలో ఆ సెలవు రోజు 800 ముందే చేరి ఉంటుంది కాబట్టి, పేరోల్ వాళ్లు ఇంకో 800 మాత్రమే కలుపుతారు. ఓటీ పడిన ఆదివారానికి 1,600 అందుకున్న మనిషి, ఆగస్టు 15కి 800 చూసి మోసం జరిగిందనుకుంటాడు. ఇలాంటి గొడవల్లో సగం స్లిప్‌లో వివరం రాయకపోవడం వల్లే వస్తాయని నా అనుభవం.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళితే ఫ్యాక్టరీల చట్టం కనిపించదు, అక్కడ 1988 షాపుల చట్టం. ఐటీ కంపెనీలకు అందులోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులిస్తూ వచ్చారు. 2023లో దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచడానికి అనుమతిచ్చినప్పుడు కూడా వారపు సెలవు తప్పనిసరి అన్నారు. నోటిఫై చేసిన సెలవుల్లో పనిచేసినవారికి జీతంతో కూడిన బదులు సెలవు ఇవ్వాలన్నారు. ఆఫీసు వాళ్ల నోట కాంపాఫ్ అన్న మాటే ఎక్కువగా వినిపించడానికి ఈ షరతులూ ఒక కారణమనుకుంటాను.

2025 నవంబర్ 21 నుంచి కేంద్ర లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం, కనీస వేతనాల చట్టం వాటిలో కలిసిపోయాయి. వారానికి ఆరు రోజులకు మించి పని వద్దు, పోయిన సెలవు రెండు నెలల్లోపు ఇవ్వాలి, ఓటీకి రెట్టింపు, విశ్రాంతి రోజు పనికి ఓటీ రేటు: ఈ పాత మాటలన్నీ కొత్త పుస్తకంలోనూ ఉన్నాయి. ఓటీకి కార్మికుడి ఒప్పుదల ఉండాలన్నది అదనం. 1974 నాటి పండగ సెలవుల చట్టం, షాపుల చట్టం రాష్ట్రానివి కాబట్టి అలాగే ఉన్నాయి.

మారింది దేన్ని రెట్టింపు చేయాలన్నది. పాత 59వ సెక్షన్‌లో బేసిక్‌తో పాటు అలవెన్సులూ లెక్కలోకొచ్చేవి. కొత్త కోడ్‌లో వేతనమంటే ప్రధానంగా బేసిక్, డీఏ. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం బయటికి పోతాయి, అలా పోయినవి మొత్తంలో సగం దాటితేనే, దాటినంత మేర తిరిగి కలుస్తుంది. మన కార్మికుడి 20,800లో బేసిక్, డీఏ కలిపి 15,600, మిగతా 5,200 అద్దె, ప్రయాణం అనుకుంటే, గంట రేటు 100 నుంచి 75కి దిగుతుంది. అదే ఎనిమిది గంటల ఆదివారం, అదే డబుల్. చేతికొచ్చేది 1,600 కాదు, 1,200.