ఒలికిన పాలు వేరు, కాలిన చేతులు వేరు: ఇంగ్లిష్ ఇడియమ్‌లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: "నో యూజ్ క్రయింగ్ ఓవర్ స్పిల్ట్ మిల్క్" అంటే మన "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం".

వాస్తవం: కానే కాదు. భీమవరం, అమలాపురం వైపు స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల నోట్సుల్లో ఈ జత ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ కనిపిస్తుంది. రెండిట్లోనూ నష్టం అప్పటికే జరిగిపోయింది కాబట్టి ఒకటే అనుకుంటారు. ఒలికిన పాల కోసం ఏడ్చి లాభం లేదనే పాల మాట ఓదార్పు. ఆకుల మాట దెప్పిపొడుపు.

రాత్రి వానకి రొయ్యల చెరువు గట్టు తెగి, సరుకంతా కాలవలో కలిసిపోయిందనుకోండి. తల పట్టుకుని కూర్చున్న రైతుతో పక్క చెరువాయన, "పోయిందేదో పోయింది బావా, ఏడిస్తే తిరిగొస్తాయా? లే" అంటాడు. స్పిల్ట్ మిల్క్ అంటే అదీ. మర్నాడు అదే రైతు పొక్లెయిన్ తెప్పించి గట్టు ఎత్తు చేయిస్తుంటే ఊరి పెద్దాయన ఊరుకోడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభంరా? గట్టు జారుతోందని మొన్న చెబితే విన్నావా?" అంటాడు. ఇక్కడ ఇంగ్లిష్‌వాళ్లు "లాకింగ్ ది స్టేబుల్ డోర్ ఆఫ్టర్ ది హార్స్ హ్యాజ్ బోల్టెడ్" అంటారు. గుర్రం పారిపోయాక సాలకి తాళం వేయడమన్నమాట. గతజల సేతుబంధనం అన్నదీ ఇదే, కాకపోతే కొంచెం పుస్తకాల భాష.

ఈ తేడా తెలియకపోతే ఉద్యోగంలో ఇబ్బందే. కంటైనర్ ఆలస్యమైందని విదేశీ కొనుగోలుదారు స్పిల్ట్ మిల్క్ మాటతో మెయిల్ పెడితే, తనను తిట్టాడనుకుని కుర్రాడు రెండు పేజీల క్షమాపణ రాస్తాడు. ఆయన అన్నది, అయిందేదో అయింది, తర్వాతి లోడు సంగతి చూడమని. అలా కంగారుపడేవాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకు నేర్పిన జతే తప్పు.

అందుకే ఇడియమ్ ఎదురైతే మాటల అర్థం వెతక్కండి. నష్టానికి ముందు అన్నారా, తర్వాత అన్నారా? ఓదార్చడానికా, దెప్పడానికా, హెచ్చరించడానికా? అది తేలాక, అదే చోట మీ ఇంట్లో అమ్మ ఏమనేదో ఆ సామెత పెట్టి, తర్వాతి వాక్యంతో కలిపి చదవండి. ఓదార్పు వెనకే తిట్టు వచ్చినట్టుంటే జత తప్పింది.

అపోహ: "ఎంప్టీ వెసెల్స్ మేక్ ది మోస్ట్ నాయిస్" అంటే "నిండు కుండ తొణకదు".

వాస్తవం: విషయం ఒకటే, చూపు వేరు. మనది మెచ్చుకోలు, వాళ్లది ఎత్తిపొడుపు. దానికి సరిగ్గా అతికేది "ఏమీ లేని ఆకు ఎగిరెగిరి పడుతుంది".

అపోహ: "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" వెనక గడ్డికప్పు మీంచి పిల్లులు జారిపడిన కథ ఉంది.

వాస్తవం: ఆ కథకు ఆధారం లేదు, వాట్సాప్‌లో తిప్పకండి. కుండపోత అంటే సరిపోయింది.

అపోహ: ప్రతి ఇడియమ్‌కీ తెలుగు సామెత ఉండి తీరాలి.

వాస్తవం: అక్కర్లేదు. "బైట్ ది బుల్లెట్"కి పంటి బిగువున భరించడం దగ్గరగా ఉంటుంది, అది సామెత కాదు, పలుకుబడి. నాటకానికి స్టేజి ఎక్కేవాళ్లతో అనే "బ్రేక్ ఎ లెగ్"కి అదీ దొరకదు. "బాగా ఆడిరా" అని మామూలుగా చెప్పేయండి.