గుర్రాలన్నీ కంచె దూకలేదు

"గుర్రాలన్నీ కంచె దూకలేదు" అనే వాక్యం విన్నప్పుడు ఒకరికి ఏ గుర్రమూ దూకలేదని తోచవచ్చు. మరొకరికి కొన్ని దూకాయనీ, కనీసం ఒకటి మిగిలిపోయిందనీ తోచవచ్చు. ఇక్కడ ఏ పదానికీ రెండర్థాలు లేవు. తేడా అంతా 'అన్నీ' అనే పరిమాణ పదానిదీ 'లేదు' అనే నిషేధానిదీ. 'అన్నీ' నిషేధాన్ని తన పరిధిలోకి తీసుకుంటే "ప్రతి గుర్రం సంగతి చూసినా, అది దూకలేదు" అన్న అర్థం వస్తుంది. నిషేధమే 'అన్నీ'ని తన పరిధిలోకి తీసుకుంటే "గుర్రాలన్నీ దూకాయన్న మాట నిజం కాదు" అన్న అర్థం వస్తుంది. భాషాశాస్త్రంలో దీన్ని పరిధి సందిగ్ధత అంటారు. మొదటి అర్థాన్ని 'ఏదీ కాదు' అనీ, రెండోదాన్ని 'అన్నీ కాదు' అనీ పిలుచుకుందాం. నా చెవికి తెలుగులో రెండోదే ముందు తడుతుంది. మొదటిది చెప్పదలచుకుంటే "ఒక్క గుర్రమూ దూకలేదు" అనేస్తాం.

అయితే ఒకరి చెవికి ఏది ముందు తట్టిందన్నది ఒక ప్రశ్న, వారి వ్యాకరణం ఏయే అర్థాలను అనుమతిస్తుందన్నది వేరే ప్రశ్న. ఒక అర్థం బలంగా తట్టినప్పుడు రెండోది ఉన్నట్టే గమనించం. పైగా అయిదేళ్ళ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి "ఈ వాక్యానికి ఎన్ని అర్థాలున్నాయి?" అని అడిగితే ప్రయోజనం ఉండదు. ఈ చిక్కును దాటడానికి 1980లలో భాషాశాస్త్రవేత్తలు స్టీఫెన్ క్రెయిన్, సెసిల్ మెక్కీ ఒక పద్ధతిని ప్రవేశపెట్టారు. తర్వాత క్రెయిన్, రోజలిండ్ థార్న్‌టన్ దాన్ని విస్తరించారు. అదే సత్యత్వ నిర్ణయ పరీక్ష.

పరీక్షకు ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఒకరు బొమ్మలతో పిల్లవాడి ముందు ఒక చిన్న కథ నడిపిస్తారు. రెండోవారు చేతికి తొడుక్కునే బొమ్మను ఆడిస్తారు. ఆ బొమ్మ కూడా పిల్లవాడితో పాటు కథ చూస్తుంది. కథ ముగిశాక బొమ్మ "ఈ కథలో ఏం జరిగిందో నేను చెబుతాను" అని పరీక్షించదలచిన వాక్యాన్ని పలుకుతుంది. అది సరిగ్గా చెప్పిందో, పొరపాటు పడిందో పిల్లవాడు తేల్చాలి. తప్పంటే "మరి నిజంగా ఏం జరిగింది?" అని అడుగుతారు. పరీక్ష తనకు కాదు, బొమ్మకు అని పిల్లవాడు అనుకోవడంలోనే ఈ పద్ధతి చమత్కారమంతా ఉంది. పెద్దవాళ్ళ మాట కాదనడానికి జంకే పిల్లలు బొమ్మను దిద్దడానికి వెనకాడరు.

అసలు నేర్పు కథ కట్టడంలో ఉంటుంది. మూడు గుర్రాల్లో ఒక్కటీ దూకలేదనుకోండి. అప్పుడు 'ఏదీ కాదు' అర్థంలో వాక్యం నిజం, 'అన్నీ కాదు' అర్థంలోనూ నిజమే, ఎందుకంటే ఏదీ దూకనప్పుడు అన్నీ దూకలేదన్నది దానంతటదే నిజమవుతుంది. ఇక్కడ పిల్లవాడు "సరే" అంటే ఏ అర్థాన్ని తీసుకున్నాడో తెలియదు. అందుకే రెండు గుర్రాలు దూకి మూడోది ఆగిపోయే కథను కడతారు. ఇందులో 'అన్నీ కాదు' నిజం, 'ఏదీ కాదు' అబద్ధం; కనుక "సరే" అన్న జవాబు 'అన్నీ కాదు' అర్థం నుంచే రావాలి. 'ఏదీ కాదు' మాత్రమే నిజమై, 'అన్నీ కాదు' అబద్ధమయ్యే కథను మాత్రం ఎవరూ కట్టలేరు. తర్కమే దానికి ఒప్పుకోదు. మూడో గుర్రం ఊరికే నిలబడితే కూడా చాలదు. అది కంచె దాకా వచ్చి, ఎత్తు చూసి, ఆలోచించి మానుకోవాలి. జరుగుతుందనుకున్నది జరగనప్పుడే 'లేదు' అన్న మాటకు పని ఉంటుంది. లేకపోతే వాక్యం అసందర్భంగా వినిపించి, ఆ అసందర్భమే పిల్లవాడి చేత "తప్పు" అనిపించవచ్చు.

జూలియన్ ముసొలీనో, క్రెయిన్, థార్న్‌టన్ 2000లో ప్రచురించిన ఫలితం ఇలాంటి కథతో రాబట్టినదే. అక్కడ వాక్యం ఇంగ్లీషులో "ఎవ్రీ హార్స్ డిడ్‌న్ట్ జంప్ ఓవర్ ద ఫెన్స్". పెద్దలు దాన్ని సులువుగా ఒప్పుకున్నారు. అయిదేళ్ళ ప్రాయపు పిల్లలు దాదాపు ఎప్పుడూ ఒప్పుకోలేదు. "ఎందుకు తప్పు?" అంటే "రెండు గుర్రాలు దూకాయి కదా" అన్నారు. ఈ సమాధానం చాలా విలువైనది. పిల్లలు తికమకపడి "తప్పు" అనలేదని, 'ఏదీ కాదు' అర్థాన్నే తీసుకుని దాన్ని ఖండించారని అది చూపిస్తుంది.

ఇంగ్లీషులో 'ఎవ్రీ' నిషేధం కంటే ముందు వస్తుంది, వాక్యనిర్మాణంలో, అంటే పదాలు ఒకదాని కింద ఒకటి చేరే చెట్టులాంటి అమరికలో, దానికంటే పైనా ఉంటుంది. పిల్లలు దేన్ని పట్టుకుని నడుస్తున్నారు, పదాల వరుసనా, నిర్మాణాన్నా? ఇంగ్లీషులో ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి అక్కడ జవాబు దొరకదు. జెఫ్రీ లిడ్జ్, ముసొలీనో 2002లో కన్నడం వైపు తిరిగారు. కన్నడంలోనూ తెలుగులోలాగే క్రియ చివర వస్తుంది, నిషేధం క్రియను అంటిపెట్టుకుని ఉంటుంది. "పిల్లవాడు రెండు పక్షులను పట్టుకోలేదు" అనే తీరు వాక్యంలో 'రెండు' వరుసలో ముందు వస్తుంది. నిర్మాణంలో మాత్రం నిషేధమే పైన. ఇదే వాక్యం ఇంగ్లీషులో అయితే నిషేధం ముందు, 'రెండు' తర్వాత వస్తాయి; నిర్మాణంలో అక్కడా నిషేధమే పైన. సంఖ్యాపదంతో మరో సౌలభ్యం ఉంది: రెండు అర్థాలనూ విడివిడిగా పరీక్షించవచ్చు. ఉన్న రెండు పక్షుల్లో ఒకటే చిక్కితే 'రెండింటిని పట్టలేదు' నిజం, 'పట్టుకోనివి రెండున్నాయి' అబద్ధం. నాలుగింటిలో రెండు చిక్కి రెండు ఎగిరిపోతే సరిగ్గా దానికి తిరగబడుతుంది. వరుసే ముఖ్యమైతే కన్నడ పిల్లలు ఇంగ్లీషు పిల్లలకు ఎదురు జవాబివ్వాలి. కాని నాలుగేళ్ళ పిల్లలు రెండు భాషల్లోనూ మొదటి కథనే ఎక్కువగా ఒప్పుకున్నారు, రెండోదాన్ని ఎక్కువగా తోసిపుచ్చారు. పదాల వరుస కాదు, నిర్మాణమే వాళ్ళను నడిపించింది.

మరి గుర్రాల వాక్యంలో 'అన్నీ కాదు' అన్న అర్థం పిల్లల వ్యాకరణంలో అసలు లేదా? "సరే" అన్న జవాబు ఒక అర్థం ఉందని రుజువు చేస్తుంది, కాని "తప్పు" అన్న జవాబు అది లేదని రుజువు చేయదు. ఉండి కూడా తట్టకపోయి ఉండవచ్చు. 2006లో ముసొలీనో, లిడ్జ్ అదే వాక్యానికి ముందు ఒక ముక్క చేర్చారు: "గుర్రాలన్నీ దుంగను దూకాయి, కాని గుర్రాలన్నీ కంచెను దూకలేదు". సుమారు 15 శాతం ఉన్న ఒప్పుకోలు 60 శాతం దాకా పెరిగింది. గుర్రాలన్నీ దూకడమన్నది ముందే ఒక అంచనాగా నిలబడితే, ఆ అంచనాను కాదనే అర్థానికి చోటు దొరికింది. వ్యాకరణంలో లేనిదైతే ఎంత సందర్భం కల్పించినా రాకూడదు.

నిర్మాణాన్ని పట్టుకుని నడిచే ఈ మొగ్గు పెద్దల్లోనూ పోలేదని 2003లో వాళ్ళే ఒక తమాషా అయిన మార్గంలో చూపించారు. సంఖ్యాపదమున్న వాక్యానికి రెండు అర్థాలూ నిజమయ్యే కథను కావాలనే కట్టారు. మన పక్షుల మాటల్లో చెబితే, మూడింటిలో ఒకటే చిక్కి రెండు ఎగిరిపోవడం లాంటిది. ఇలాంటి కథ దగ్గర "సరే" అన్న జవాబు ఏమీ చెప్పదు కాబట్టి "ఎందుకు సరే?" అని అడిగారు. ఎక్కువమంది పెద్దలిచ్చిన కారణం "ఒకటే పట్టుకున్నాడు కదా" అనే తీరులో ఉంది. మిగిలిపోయిన రెండింటి ఊసెత్తినవాళ్ళు తక్కువ.